కాయిన్ కొనే ముందు వేయాల్సిన లెక్క: రిస్క్-రివార్డ్, బ్రేక్‌ఈవెన్ గెలుపు శాతం

ట్రేడింగ్ వీడియోల్లో తరచూ ఒక మాట వినిపిస్తుంది. "రిస్క్‌కి రెండున్నర రెట్లు రివార్డ్ పెట్టుకోండి, పదింటిలో మూడు గెలిచినా చాలు, లాభమే." అంకెల వరకు ఆ మాట తప్పేమీ కాదు. కాకపోతే ఫీజులు లేని, స్టాప్ లాస్ పెట్టిన చోటే అమ్ముడుపోయే, నష్టాన్ని లాభంలోంచి తీసేసి పన్ను వేసే ఊళ్లో మాత్రమే అది నిజం. భారతదేశంలో రూపాయలతో క్రిప్టో కాయిన్లు కొని అమ్మేవాళ్లకు అదే ట్రేడ్‌లో మూడు గెలుపులు సరిపోవు. నాలుగు గెలిచినా జేబులోంచి డబ్బు పోతుంది. ఎంత పోతుందో కొనక ముందే తెలుసుకోవచ్చు, దానికి ఐదు నిమిషాలు చాలు.

ఇక్కడ చెప్పేది స్పాట్ ట్రేడ్ గురించే, అంటే అసలు కాయిన్‌నే కొని అమ్మడం. ఫ్యూచర్స్ లెక్క వేరు. ఉదాహరణకు సొలానా తీసుకుందాం. ధరలు లెక్క సులువుగా ఉండటానికి వేసుకున్నవి, ఈ రోజు ధరలు కావు.

ముందు మూడు ధరలు రాసుకోండి, ఈ వరుసలోనే

సొలానా 10,000 రూపాయల దగ్గర ఉంది, కొందామనుకుంటున్నారు. మొదట చూడాల్సింది టార్గెట్ కాదు, స్టాప్ లాస్. "ఏ ధర కిందికి వస్తే నా అంచనా తప్పని ఒప్పుకుంటాను?" అని అడుగుతూ చార్ట్ చూడండి. ఈ మధ్య ధర 9,650 దాకా పడి అక్కడి నుంచి లేచింది అనుకుందాం. ఆ అడుగు విరిగితే కొనడానికి కారణమే పోయినట్టు. కాబట్టి దానికి కాస్త కింద, 9,600 దగ్గర స్టాప్ లాస్.

తర్వాత టార్గెట్. పోయినసారి పైకి వెళ్లినప్పుడు 11,050 దగ్గర అమ్మకాలు వచ్చి వెనక్కి తిరిగింది. మళ్లీ అక్కడే ఆగే అవకాశం ఉంది కనుక దానికి కొంచెం ముందే, 11,000 దగ్గర టార్గెట్.

నిష్పత్తి లెక్క ఈ మూడూ రాసుకున్నాకే. చాలామంది తిరగేసి చేస్తారు. ముందే "ఒకటికి మూడు కావాలి" అనుకుని, అది వచ్చేదాకా టార్గెట్‌ను పైకి జరుపుతారు, లేదా స్టాప్‌ను ఎంట్రీకి దగ్గరగా లాగుతారు. స్టాప్‌ను 9,900కు తెస్తే కాగితం మీద ఒకటికి పది వస్తుంది, చూడటానికి బ్రహ్మాండం. కానీ ఆ కాయిన్ ఏ కారణమూ లేకుండా గంటలో ఒక శాతం అటూ ఇటూ ఊగేదైతే, మీ అంచనా నిజమయ్యే లోపే స్టాప్ కొట్టేస్తుంది. చార్ట్‌లో ఏటీఆర్ అనే సూచిక పెట్టుకుంటే, మీరు చూస్తున్న టైమ్‌ఫ్రేమ్‌లో ఒక్కో క్యాండిల్ సగటున ఎన్ని రూపాయలు కదులుతోందో కనిపిస్తుంది. స్టాప్ దూరం దానికంటే తక్కువగా ఉంటే అది ఊగిసలాటలోనే పోయే స్టాప్.

కాగితం లెక్క

```
R  = (టార్గెట్ - ఎంట్రీ) / (ఎంట్రీ - స్టాప్)
BE = 1 / (1 + R)
```

మన ట్రేడ్‌లో గెలిస్తే 1,000 వస్తుంది, ఓడితే 400 పోతుంది. R అంటే 2.5. బ్రేక్‌ఈవెన్ గెలుపు శాతం 1ని 3.5తో భాగిస్తే వచ్చేది, అంటే 28.6. ఇలాంటి ట్రేడ్లు వందలో 29 గెలిస్తే అసలు నిలబడుతుంది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి, ఎందుకంటే ఈ 28.6ను చూసి "ఇంత తక్కువా!" అని సంబరపడటంలోనే మెలిక ఉంది. ధర ఏ దిశా లేకుండా, బొమ్మా బొరుసా అన్నట్టు కదులుతోందనుకోండి. అప్పుడు 400 కిందున్న స్టాప్ కంటే 1,000 పైనున్న టార్గెట్ ముందు తగిలే అవకాశం ఎంత? సరిగ్గా 400ని 1,400తో భాగించినంత. అదే 28.6 శాతం. అంటే కళ్లు మూసుకుని కొన్నవాడు కూడా దాదాపు అంతే గెలుస్తాడు. టార్గెట్ దూరం పెట్టే కొద్దీ బ్రేక్‌ఈవెన్ శాతం తగ్గుతుంది, కానీ గెలిచే అవకాశమూ అంతే తగ్గుతుంది. కాబట్టి మంచి నిష్పత్తి ఉన్నంత మాత్రాన లాభం రాదు. గుడ్డిగా కొంటే ఎంత శాతం గెలుస్తాం, నిజంగా ఎంత శాతం కావాలి, ఈ రెండింటి మధ్య తేడానే మీ అంచనా మోయాల్సిన బరువు. ఈ 28.6ను పక్కన రాసి పెట్టుకోండి.

ఫీజు, జారుడు

ఎక్స్చేంజ్ ఫీజు కొన్నప్పుడూ ఉంటుంది, అమ్మినప్పుడూ ఉంటుంది. దాని మీద 18 శాతం జీఎస్టీ. మీ ఎక్స్చేంజ్ ఫీజు 0.2 శాతం అనుకుంటే, జీఎస్టీతో కలిపి ఒక్కో వైపు 0.236 శాతం. మీ ఖాతాలో అసలు ఎంత పడుతోందో పాత ఆర్డర్ ఒకటి తెరిచి చూసుకోండి, ప్రకటనలో రాసిన అంకె కాదు. కొన్ని చోట్ల ఫీజు తక్కువని చెప్పి, కొనే ధరకూ అమ్మే ధరకూ మధ్య ఎడం ఎక్కువ పెడతారు, ముఖ్యంగా ఒక్క బటన్‌తో కొనే పద్ధతిలో.

గెలిస్తే 10,000 మీద, 11,000 మీద కలిపి ఫీజు దాదాపు 50 రూపాయలు. ఓడినా 46 పోతుంది.

దీనికన్నా ఎక్కువ మోసం చేసేది జారుడు. స్టాప్ 9,600 అని పెట్టినంత మాత్రాన 9,600కే అమ్ముడుపోదు. రూపాయి జతల్లో కొనేవాళ్లు పలుచగా ఉంటారు. ఆర్డర్ బుక్ తెరిచి మీ స్టాప్ దగ్గర ఎవరెంతకు అడుగుతున్నారో చూడండి. మీరు అమ్మాల్సింది 4 కాయిన్లు అనుకుందాం. 9,600కు ఒకటి, 9,570కి ఒకటి, తర్వాత ఏకంగా 9,515 దగ్గర రెండింటికి ఆర్డర్లు ఉన్నాయి. నాలుగూ అమ్మితే సగటు ధర 9,550. స్టాప్ కంటే 50 రూపాయలు కింద. పైగా ధర పడుతున్నప్పుడు ఆ ఆర్డర్లలో కొన్ని మాయమవుతాయి కాబట్టి ఇది ఇంకా ఆశావహమైన అంచనానే.

ఇప్పుడు గెలుపు 950, ఓటమి 496. బ్రేక్‌ఈవెన్ 28.6 నుంచి 34.3 శాతానికి లేచింది.

స్టాప్ ఆర్డర్ రకం కూడా చూసుకోండి. చాలా స్పాట్ ఎక్స్చేంజీల్లో ఉండేది స్టాప్-లిమిట్. అందులో రెండు ధరలుంటాయి: ఆర్డర్ నిద్ర లేచే ధర ఒకటి, ఇంతకంటే కిందికి అమ్మొద్దు అనే ధర ఇంకొకటి. రెండూ 9,600 అనే పెడితే, ధర ఒక్కసారిగా 9,500కు జారినప్పుడు మీ ఆర్డర్ పైనే వేలాడుతూ ఉండిపోతుంది, కాయిన్ మీ చేతిలోనే పడుతూ పోతుంది. లిమిట్ ధరను కిందికి, 9,500 దాకా వదిలితే అమ్ముడుపోయే అవకాశం పెరుగుతుంది. అయినా అన్నిసార్లూ కాపాడదు. 2025 అక్టోబర్ 10న, మనకు 11 తెల్లవారుజామున, చైనా మీద అమెరికా కొత్త సుంకాల ప్రకటన తర్వాత కొన్ని ఆల్ట్‌కాయిన్లు నిమిషాల్లో సగానికి పైగా పడ్డాయి. మనవాళ్లు చాలామంది నిద్రలో ఉన్న వేళ. కాయిన్ మార్కెట్‌కు సర్క్యూట్ బ్రేకర్ లేదు, సాయంత్రం మూడున్నరకు గంట కొట్టడమూ లేదు. ఏ లెక్కలోనూ ఇమడని ఆ ఓటమి కోసమే పొజిషన్ సైజు చిన్నగా ఉంచుకోవాలి.

పన్ను: అసలు దెబ్బ ఇక్కడే

2022 ఏప్రిల్ 1 నుంచి కాయిన్ల లాభం మీద 30 శాతం పన్ను, దానిపై 4 శాతం సెస్, మొత్తం 31.2 శాతం. ఇది అందరికీ తెలిసిందే. సర్‌ఛార్జి వర్తించేంత ఆదాయం ఉన్నవాళ్లకు ఇంకాస్త ఎక్కువ. ట్రేడర్ల లెక్కను తలకిందులు చేసేది మాత్రం రేటు కాదు, దాని పక్కనున్న నిబంధన. ఒక కాయిన్ ట్రేడ్‌లో వచ్చిన నష్టాన్ని ఇంకో ట్రేడ్ లాభంలోంచి తీసేయనివ్వరు, వచ్చే ఏడాదికి మోసుకెళ్లనివ్వరు. కొన్న ఖరీదు తప్ప వేరే ఖర్చులూ తీసేయనివ్వరు. అంటే గెలిచిన ప్రతి ట్రేడ్‌లో మూడో వంతుకు కాస్త తక్కువ ప్రభుత్వానికి పోతుంది, ఓడిన ప్రతి ట్రేడ్ మొత్తం మీదే.

మన ట్రేడ్‌లో లాభం 1,000 మీద పన్ను 312. ఫీజు కూడా పోగా చేతికి మిగిలేది 638. ఓటమి 496 అలాగే ఉంది.

బ్రేక్‌ఈవెన్ అంటే ఇప్పుడు 496ని 1,134తో భాగించాలి. 43.7 శాతం.

పక్కన రాసి పెట్టిన 28.6ను దీనితో పోల్చండి. కళ్లు మూసుకుని కొన్నవాడి కంటే మీరు వందకు 15 ట్రేడ్లు ఎక్కువ గెలిస్తే తప్ప అసలు కూడా నిలవదు. చాలామంది చార్ట్ పద్ధతులకు ఇంత మోసే శక్తి ఉండదని నా అభిప్రాయం.

నమ్మకం కుదరకపోతే పది ట్రేడ్లు వేసి చూడండి. నాలుగు గెలిచారు, ఆరు ఓడారు. ఫీజు, జారుడు పోగా నాలుగు గెలుపుల్లో దాదాపు 3,802 వచ్చింది, ఆరు ఓటముల్లో 2,977 పోయింది. 825 రూపాయల లాభం. కానీ పన్ను వేసేది ఈ 825 మీద కాదు, నాలుగు గెలుపుల 4,000 మీద. 1,248 కట్టాలి. ఎక్స్చేంజ్ యాప్‌లో లాభం పచ్చగా కనిపిస్తూనే ఉంటుంది, ఏడాది చివర లెక్క చూస్తే 423 రూపాయల నష్టం.

ఇంగ్లిష్ వీడియోల్లో ఈ వరుస కనబడకపోవడానికి కారణముంది. అమెరికాలో ఉన్న మీ బావ అక్కడి ఖాతాలో కాయిన్ నష్టాన్ని కాయిన్ లాభంలోంచి తీసేయగలడు. ఇంకా మిగిలితే ఏడాదికి 3,000 డాలర్ల వరకు మామూలు ఆదాయంలోంచి కూడా తగ్గించుకోవచ్చు. ఆయన పంపిన ఎక్సెల్ షీట్ ఆయనకు సరిగ్గా పనిచేస్తుంది, మీకు చేయదు.

ఇక ఒక శాతం టీడీఎస్. దీన్ని బ్రేక్‌ఈవెన్‌లో కలపొద్దు, ఎందుకంటే అది ఖర్చు కాదు. రిటర్న్ వేసినప్పుడు పన్నులో సర్దుబాటవుతుంది, మిగిలితే రీఫండ్ వస్తుంది. కానీ ఏడాదిలో అమ్మకాలు పరిమితి దాటాక గెలిచినా ఓడినా ప్రతి అమ్మకం మొత్తంలో ఒక శాతం కట్ అవుతుంది, ఆ డబ్బు అప్పటిదాకా ఇరుక్కుపోతుంది. ఉన్న డబ్బంతా పెట్టి 50 సార్లు కొని అమ్మారనుకోండి. ధర కదలకపోయినా దాదాపు 40 శాతం పెట్టుబడి మీ చేతిలో ఉండదు. తరచూ తిప్పేవాళ్లు ఈ సంగతి మర్చిపోకూడదు.

షీట్‌లో పెట్టుకుంటే ప్రతిసారీ కష్టపడక్కర్లేదు

గూగుల్ షీట్స్‌లో B1లో ఎంట్రీ, B2లో స్టాప్ కొట్టాక నిజంగా అమ్ముడుపోతుందనుకునే ధర, B3లో టార్గెట్, B4లో ఒక వైపు ఫీజు పెట్టండి. మనకైతే 10000, 9550, 11000, 0.00236. కింద ఇవి:

```
B5: =(B3-B1)*(1-0.312)-(B1+B3)*B4
B6: =(B1-B2)+(B1+B2)*B4
B7: =B6/(B5+B6)
```

B5 గెలిస్తే చేతికొచ్చేది, B6 ఓడితే పోయేది, B7 కావాల్సిన గెలుపు శాతం. B7లో 0.437 వస్తే షీట్ సరిగ్గా ఉన్నట్టు.

షీట్ చేతిలో ఉంటే కొన్ని సంగతులు వాటంతటవే బయటపడతాయి. ఎంట్రీ 10,000, స్టాప్ 9,900, టార్గెట్ 10,200 వేసి చూడండి. కాగితం మీద ఒకటికి రెండు, 33 శాతం గెలిస్తే చాలనిపించే స్కాల్పింగ్ ట్రేడ్. జారుడు ఒక్క రూపాయి కూడా లేదనుకున్నా B7 62 శాతం చూపిస్తుంది. నిష్పత్తి మన మొదటి ట్రేడ్‌కు దగ్గరగానే ఉంది, కానీ 100 రూపాయల రిస్క్ మీద 47 రూపాయల ఫీజు కూర్చుంది. మన పన్ను పద్ధతిలో చిన్న కదలికల కోసం రోజుకు పదిసార్లు కొనడం ఎందుకు నిలబడదో ఆ ఒక్క గడి చెబుతుంది. అదే రిస్క్‌కు టార్గెట్ దూరమయ్యే కొద్దీ, కళ్లు మూసుకుని గెలిచే శాతానికీ కావాల్సిన శాతానికీ మధ్య ఎడం తగ్గుతూ వస్తుంది. అందుకే రోజులు, వారాలు ఆగే ట్రేడ్లకు ఇక్కడ కాస్త ఊపిరి ఉంటుంది.

మీ గెలుపు శాతం ఎక్కడి నుంచి తేవాలి

43.7 కావాలని తెలిసింది. మీరు ఎంత శాతం గెలుస్తున్నారు? మనసులో ఉన్న అంకె పనికిరాదు, గెలిచినవే గుర్తుంటాయి. ఎక్స్చేంజ్ నుంచి ట్రేడ్ హిస్టరీ దించుకుని, ఇదే రకం ఎంట్రీలను మాత్రమే లెక్కపెట్టండి. ఎవరో టెలిగ్రామ్‌లో చెప్పారని కొన్నవాటినీ, అడుగు నుంచి లేచినప్పుడు కొన్నవాటినీ కలిపేస్తే వచ్చే శాతం దేనికీ పనికిరాదు.

30 ట్రేడ్లలో 15 గెలిచారనుకుందాం, 50 శాతం. 43.7 కంటే ఎక్కువే కదా అని సంతోషపడొద్దు. 30 అనేది చిన్న సంఖ్య. మీ అసలు శాతం 32 నుంచి 68 మధ్యలో ఎక్కడైనా ఉండొచ్చు. 100 ట్రేడ్లు అయినా ఇంకా పది పాయింట్లు అటూ ఇటూ సందేహం ఉంటుంది. కాబట్టి బ్రేక్‌ఈవెన్‌కు మీ శాతం రెండు మూడు పాయింట్ల దూరంలోనే ఉంటే అది తెలియనట్టే లెక్క, ఆ ట్రేడ్ వదిలేయడమే నయం.

ఇంకో చోట కూడా లెక్క చెడుతుంది. 10,500 దాకా వెళ్లగానే టెన్షన్ తట్టుకోలేక అమ్మేస్తారు. గెలుపే కదా, హిస్టరీలో పచ్చగానే పడుతుంది, గెలుపు శాతం కూడా పెరుగుతుంది. కానీ అప్పుడు చేతికొచ్చేది 638 కాదు, 296. స్టాప్ మాత్రం పాత చోటే ఉంది. షీట్‌లో B3ని 10,500 చేస్తే కావాల్సిన శాతం 62.7 అవుతుంది. అందుకే గెలుపు శాతంతో పాటు సగటు గెలుపు ఎన్ని రూపాయలో కూడా హిస్టరీ నుంచి తీయండి. అది మీ టార్గెట్ దూరంలో సగమే ఉంటే, షీట్‌లో పెట్టాల్సింది మీరు కోరుకునే టార్గెట్ కాదు, నిజంగా అమ్మే ధర.

ఎన్ని కాయిన్లు

శాతం సరిపోయిందనుకుందాం. ఖాతాలో 2 లక్షలున్నాయి, ఒక ట్రేడ్‌లో ఒక శాతం, అంటే 2,000 మించి పోకూడదని మీ నియమం. 2,000ను 400తో భాగిస్తే 5 కాయిన్లు వస్తాయి. అలా కొంటే స్టాప్ కొట్టినప్పుడు పోయేది 2,480. భాగించాల్సింది B6తో, 496తో. 4 కాయిన్లు, 40,000 రూపాయలు.

ఆర్డర్ పెట్టే ముందు ధర మళ్లీ చూడండి

లెక్కంతా అయ్యి యాప్ తెరిచేసరికి ధర 10,200కు వెళ్లిపోయి ఉంటుంది. రెండు శాతమే కదా, కొనేద్దాం అనిపిస్తుంది. స్టాప్, టార్గెట్ చార్ట్ చెప్పినవి కాబట్టి అవి జరగవు. B1ని మాత్రం 10,200 చేయండి. గెలిస్తే వచ్చేది 500కు తగ్గుతుంది, ఓడితే పోయేది 697కు పెరుగుతుంది, కావాల్సిన గెలుపు శాతం 43.7 నుంచి 58.2కు ఎగబాకుతుంది. కొనే కారణం అదే, కాయిన్ అదే, కానీ ట్రేడ్ వేరు. 10,000 దగ్గర లిమిట్ ఆర్డర్ పెట్టి వదిలేయండి. అక్కడిదాకా దిగి రాకుండానే 11,000 తాకితే ఆ ఆర్డర్ రద్దు చేసేయాలి, ఎందుకంటే ఆ తర్వాత 10,000కు వచ్చేది ఈ చార్ట్ కాదు, మూడు ధరలూ కొత్తగా రాసుకోవాల్సిన ఇంకో చార్ట్.